వెనక ఫోటో చూసి ఫోన్ మోడల్ చెప్పడం: పది రూపాయల బిళ్ళతో నా కొలతల డైరీ

రోజు 1

మాది తెనాలిలో చిన్న షాపు. పౌచ్‌లు, టెంపర్ గ్లాసులు, ఛార్జర్లు అమ్ముతాం. ఏడాదిగా బేరాల్లో సగం వాట్సాప్‌లోనే. ఫోన్ వెనక వైపు ఒక ఫోటో తీసి పంపుతారు, కింద "దీనికి పౌచ్ ఉందా అన్నా?" అని ఒక్క ముక్క. మోడల్ ఏంటని అడిగితే "శాంసంగ్ 5జీ" అనో, "ఐఫోనే" అనో జవాబు.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూడమంటే సరిపోతుంది కదా అని మా బావమరిది అంటాడు. ఫోన్ వాళ్ళ చేతిలో ఉంటే నిజమే. కానీ చాలామంది అడిగేది వేరేవాళ్ళ ఫోన్‌కి. ఊళ్ళో ఉన్న అమ్మకి, హాస్టల్లో ఉన్న కొడుక్కి, లేదా స్క్రీన్ పోయి అసలు వెలగని ఫోన్‌కి. వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఫోటో ఒక్కటే.

నిన్న ఎర్ర ఐఫోన్ ఫోటో ఒకటి వచ్చింది. రెండు కెమెరాలు ఏటవాలుగా ఉన్నాయి. చూడగానే 13 అనేసి పౌచ్ కట్టి బస్సు పార్సిల్‌లో పంపించాను. ఇవాళ ఫోన్: "కెమెరా దగ్గర కూర్చోవట్లేదండీ." అది 14. రెండింటి పొడవూ వెడల్పూ ఒక్కటే, 146.7, 71.5 మిల్లీమీటర్లు. మందం తేడా 0.15 మిల్లీమీటరు. ఎర్ర రంగు రెండింటిలోనూ వచ్చింది. కానీ కెమెరాల కింద ఉండే చదరం 14లో కాస్త పెద్దది, అందుకే 13 పౌచ్ బెజ్జంలో పట్టదు. పౌచ్ వెనక్కి, పార్సిల్ డబ్బులు నా నెత్తిన.

అందుకే ఈ డైరీ. కంటికి తోచింది చెప్పడం మానేసి, ఫోటోలోంచి ఏమేం పట్టుకోవచ్చో ఒక పద్ధతి పెట్టుకోవాలి.

రోజు 2

షాపులో కూర్చుని కెమెరాల అమరికను బట్టి గుంపులు రాసుకున్నాను. ఐఫోన్లు తేలిక. రెండు కెమెరాలు చదరంలో ఒకదాని కింద ఒకటి ఉంటే 11 గానీ 12 గానీ. 11 అంచులు గుండ్రం, 12 అంచులు బల్లపరుపు. ఏటవాలుగా ఉంటే 13, 14, 15. వాటిలో 15 వెనక గాజు మెరవదు, గరుకుగా పొడిపొడిగా కనిపిస్తుంది. మళ్ళీ నిలువుగా, ఈసారి చదరం లేకుండా సన్నటి మాత్రలాంటి దిమ్మె మీద ఉంటే 16 గానీ 17 గానీ. పాత ఎక్స్, ఎక్స్‌ఎస్‌లకీ నిలువు దిమ్మె ఉంది గానీ వాటిలో ఫ్లాష్ రెండు కెమెరాల మధ్యలోనే ఉంటుంది, అంచులు గుండ్రం. యాపిల్ బొమ్మ ఎక్కడుందో కూడా చూడాలి: 2019లో 11 నుంచి అది వీపు నట్టనడుమకి దిగింది, అంతకు ముందు వాటిలో పైకి ఉండేది.

ఇక్కడే ఒక తికమక. అద్దం ముందు నిలబడి తీసుకున్న ఫోటోలు చాలా వస్తాయి. అందులో అంతా తిరగబడుతుంది. వెనక నుంచి నేరుగా చూస్తే కెమెరా ఎడమ మూలన ఉండాలి, అద్దంలో కుడి మూలన ఉంటుంది. ఇదేదో కొత్త మోడల్ అనుకుని ఒకసారి అరగంట వెతికాను. శాంసంగ్ అయితే పేరు తిరగబడి కనిపిస్తుంది కాబట్టి దొరికిపోతుంది. యాపిల్ అయితే పండు కొరికిన వైపు చూడాలి. నేరుగా తీసిన ఫోటోలో కొరుకు కుడివైపు ఉంటుంది. ఎడమవైపు ఉంటే అద్దం ఫోటో.

అద్దం ఫోటో వల్ల ఒక లాభమూ ఉంది. ఆ ఫోటో తీసింది ఆ ఫోనే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోలోని దాపరిక వివరాలు పోతాయి, అదే డాక్యుమెంట్‌గా పంపమంటే ఉంటాయి. ఇవాళ ఒకావిడ అలా పంపితే, వివరాల్లో SM-A346E అని మోడల్ నంబరే కనిపించింది. గెలాక్సీ ఏ34. కెమెరా లెక్కతో పనే లేకుండా పోయింది. అయితే ఇలాంటి అదృష్టం నూటికి నాలుగైదు ఫోటోలకే.

అసలు చిక్కు శాంసంగ్‌లతో. 2023లో వచ్చినవి చూడండి: ఏ14, ఏ34, ఏ54, ఎస్23. అన్నింటికీ వెనక మూడు కళ్ళు, నిలువుగా, దిమ్మె లేకుండా విడివిడిగా. పక్కన ఫ్లాష్. రంగులు కూడా దగ్గరదగ్గరవే. షాపులో మూడు ఫోన్లు బోర్లా పెట్టి నన్ను చెప్పమంటే నేనే తడబడ్డాను.

రోజు 3

పొడవుని వెడల్పుతో భాగిస్తే తెలుస్తుందేమోనని చూశాను. ఫోటోలో అసలు సైజు తెలియదు గానీ నిష్పత్తి తెలుస్తుంది కదా.

ఏ14: 167.7 బై 78.0, అంటే 2.15. ఏ34: 161.3 బై 78.1, 2.07. ఏ54: 158.2 బై 76.7, 2.06. ఎస్23: 146.3 బై 70.9, 2.06.

ఏ14 ఒక్కటే బయటపడింది. సన్నగా పొడుగ్గా ఉంటుంది. మిగతా మూడూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, నిష్పత్తితో విడిపోవు. ఏ14ని పట్టుకోడానికి నిష్పత్తి కూడా అక్కర్లేదు, పవర్ బటన్ చూస్తే చాలు. దాని వేలిముద్ర బటన్‌లోనే ఉంది కాబట్టి బటన్ పొడుగ్గా, చదునుగా ఉంటుంది. ఏ34, ఏ54, ఎస్23లకి వేలిముద్ర స్క్రీన్ కింద, అందుకని మామూలు బటనే.

అంటే నిష్పత్తి చాలదు, నిజమైన మిల్లీమీటర్లు కావాలి. ఫోటోలో తెలిసిన కొలత ఉన్న వస్తువు ఏదో ఒకటి ఉండాలి. ఏటీఎం కార్డు పెట్టమందామంటే నంబరుతో సహా ఫోటో పంపేస్తారు, ఆ పాపం నాకొద్దు. పది రూపాయల బిళ్ళ బాగుంది. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు, ఎవరింట్లో అయినా దొరుకుతుంది. మా ఏరియాలో కొందరు కొట్లవాళ్ళు తీసుకోరు గానీ కొలతకి పనికొస్తుంది.

గూగుల్ షీట్‌లో ఒక్క లైను. B లో ఫోన్ పొడవు పిక్సెళ్ళలో, C లో బిళ్ళ వ్యాసం పిక్సెళ్ళలో:

```
=ROUND(B2/C2*27, 1)
```

పిక్సెళ్ళు కొలవడానికి కంప్యూటర్లో పెయింట్ చాలు. సెలెక్ట్ చేసే గీత లాగితే కింద ఎంత బై ఎంత అని చూపిస్తుంది. ఫోటోలో ఫోన్ కాస్త వంకరగా ఉంటే ముందు తిప్పి నిటారు చేసుకోవాలి, లేకపోతే ఎక్కువ వస్తుంది.

రోజు 5

మొదటి గిరాకీ మీదే దెబ్బ తిన్నాను.

నల్ల శాంసంగ్, మూడు కళ్ళు. బల్ల మీద ఫోన్ బోర్లా పెట్టి పక్కన బిళ్ళ పెట్టి తీయమన్నాను. చెప్పినట్టే బుద్ధిగా తీసి పంపాడు. బిళ్ళ 250 పిక్సెళ్ళు. ఫోన్ పొడవు 1493, వెడల్పు 723. లెక్క కడితే 161.2, 78.1. అచ్చం ఏ34. దాదాపు పాయింటు దాకా సరిపోయింది కదా అని నాకు ఒకటే సంబరం. పౌచ్ పంపాను.

ఇవాళ షాపుకే వచ్చాడు ఆ కుర్రాడు. "అన్నా, లొడలొడలాడుతోంది" అని ఊపి చూపించాడు. ఫోన్ ఏ54. సెట్టింగ్స్ తెరిచి చూసుకున్నాను కూడా. మూడు మిల్లీమీటర్లు పొడుగైన పౌచ్‌లో వేస్తే లొడలొడలాడక ఏం చేస్తుంది.

రెండు కొలతలూ తప్పు రావడం, అదీ రెండూ ఇంకో మోడల్‌కి సరిగ్గా కుదరడం. పోనీ ఒకటి తప్పు వస్తే చెయ్యి జారిందనుకుంటాం. అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, ఫోటో ఎలా తీశావో మళ్ళీ చేసి చూపించమన్నాను. బల్ల మీద ఫోన్, పక్కన బిళ్ళ, పైనుంచి జానన్నర ఎత్తులో ఇంకో ఫోన్. అప్పుడు వెలిగింది.

బిళ్ళ బల్లని అంటుకుని ఉంది. ఫోన్ వీపు బల్లకి 8.2 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది. ఏ54 మందం అంత. అంటే కెమెరాకి ఫోన్ వీపు బిళ్ళకంటే దగ్గర. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది. లెక్క చూడండి: కెమెరా బల్లకి 350 మిల్లీమీటర్ల పైన ఉందనుకుందాం. బిళ్ళ పై ముఖం దానికి 348 దూరంలో ఉంటుంది. ఫోన్ వీపు 342 దూరంలో. 348ని 342తో భాగిస్తే 1.018. అంటే బిళ్ళతో పోలిస్తే ఫోన్ దాదాపు రెండు శాతం ఉబ్బి కనిపిస్తుంది. ఏ54కీ ఏ34కీ ఉన్న తేడా ఎంత? అదే రెండు శాతం. నా కొలత తప్పిన మేరకే ఆ రెండు ఫోన్లకీ తేడా ఉండటం నా ఖర్మ.

పౌచ్ మార్చి ఇచ్చాను. టీ ఖర్చు పోయినా పోయింది, విషయం దొరికింది.

రోజు 6

బిళ్ళని బల్ల మీద కాదు, ఫోన్ వీపు మీదే పెట్టాలి. పొద్దున్నే పక్క మెడికల్ షాపు ఆయన ఏ54 అడిగి తెచ్చి చూశాను. బిళ్ళ వీపు మధ్యలో పెట్టి, కుర్చీ ఎక్కి 70 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రెండింతల జూమ్‌తో తీశాను. బిళ్ళ 260, పొడవు 1520, వెడల్పు 737. అంటే 157.8, 76.5. అసలు కొలత 158.2, 76.7. ఇప్పుడు తేడా అర మిల్లీమీటరు కూడా లేదు, అదీ తక్కువ వైపు. ఎందుకంటే ఇప్పుడు బిళ్ళ ముఖమే రెండు మిల్లీమీటర్ల లోపు పైకి ఉంది, కాబట్టి అదే కాస్త పెద్దగా పడుతోంది. ఇంత చిన్న తప్పుతో ఏ34 వైపు పోయే ప్రమాదం లేదు.

ఎత్తు నుంచి తీయడం ఎందుకంటే, దగ్గరగా పెట్టి తీస్తే ఈ తేడాలన్నీ పెరుగుతాయి. దూరం జరిగి జూమ్ చేస్తే తగ్గుతాయి. గిరాకీలకి ఇదంతా చెప్పను. "ఫోన్ నేల మీద బోర్లా పెట్టి, వీపు మీద పది రూపాయల బిళ్ళ పెట్టి, నిలబడి, 2x నొక్కి తీయండి" అని వాట్సాప్‌లో రెడీగా ఒక మెసేజ్ పెట్టుకున్నాను. నిలబడి అంటే ఎత్తు దానంతట అదే వస్తుంది.

ఇంకో సంగతి. బిళ్ళ కొలతకే కాదు, ఫోటో వాలుగా తీశారా అన్నది కూడా చెబుతుంది. గుండ్రటి బిళ్ళ ఫోటోలో కోడిగుడ్డులా పడితే కెమెరా వంగిందన్నమాట. అందుకని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలుస్తున్నాను. ఒకావిడ పంపిన దాంట్లో అడ్డం 260, నిలువు 252 వచ్చింది. మూడు శాతం నొక్కుకుపోయింది. ఆ ఫోటోతో ఏ34, ఏ54 మాట ఎత్తకూడదు. ఇంకోటి తీయించాను. ఒక శాతం లోపు తేడా ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలని గీత గీసుకున్నాను.

రోజు 9

బిళ్ళ ఎంత మంచిదైనా 13, 14 ఐఫోన్ల దగ్గర నోరు మూసుకుంటుంది, రెండింటి సైజూ ఒకటే కాబట్టి. రంగు కొంత సాయం చేస్తుంది. ఆ రెండింటిలో ఊదా, పసుపు అయితే 14, గులాబీ, ఆకుపచ్చ అయితే 13. నలుపు, ఎరుపు, నీలం అయితే రంగు మీద ఆధారపడలేం.

ఇవాళ వచ్చింది నల్లదే. డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు పాతది పంపాడట, పెద్దాయన వాడుకుంటున్నాడు. అమెరికా మాట వినగానే సైడు ఫోటోలు రెండు అడిగాను. కారణం ఉంది. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 12 నుంచి 14 దాకా పవర్ బటన్ కింద అంచులో చిన్న కోలగా కిటికీలాంటిది ఉంటుంది. అక్కడి 5జీలో ఒక రకం సిగ్నల్ లోహంలోంచి దూరలేదు కాబట్టి దానికోసం అక్కడ లోహం తీసేశారు. మన దగ్గర అమ్మిన వాటిలో అది ఉండదు. ఈ ఫోన్‌లో ఉంది. అంటే నిజంగానే అమెరికా సరుకు.

ఇక రెండో అంచు. అమెరికాలో అమ్మిన 14కి సిమ్ ట్రే లేదు, అంతా ఈసిమ్మే. 13కి ఉంది, వాల్యూమ్ బటన్ల కింద. స్క్రీన్ వైపు నుంచి చూస్తే అది ఎడమ అంచు, బోర్లా పెట్టి చూస్తే కుడి అంచు. పెద్దాయన పంపిన ఫోటోలో వాల్యూమ్ కింద సన్నగా ట్రే గీత, పక్కన పిన్ను గుచ్చే బెజ్జం స్పష్టంగా ఉన్నాయి. 13. అయినా మొదటి రోజు దెబ్బ గుర్తుంది కాబట్టి సిమ్ ఏ కంపెనీదండీ అని అడిగాను. "మొన్ననే గుంటూరులో సిమ్ వేయించాం బాబూ" అన్నాడు. సరిపోయింది. పౌచ్ పంపించాను, ఫిర్యాదు రాలేదు.

మనవైపు కొన్న నల్ల 13, 14లకి మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, రెండింటికీ ట్రే ఉంటుంది. వాటికి షాపులో ఉన్న రెండు పౌచ్‌ల కెమెరా బెజ్జాలూ బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీసి ఉంచుకున్నాను. గిరాకీ ఫోటోలో కెమెరా చదరం బిళ్ళకి ఎంతుందో చూసి దేనికి దగ్గరో అది ఎంచుతున్నాను. కచ్చితం అని చెప్పను.

రోజు 11

ఇవాళ్టిది మర్చిపోలేను.

మూడు కెమెరాలు, బల్లపరుపు అంచులు, యాపిల్ బొమ్మ నట్టనడుమ. ఎవరు చూసినా 13 ప్రో అంటారు. బిళ్ళ పెట్టిన ఫోటో శుభ్రంగా ఉంది, ఒక శాతం లోపే. కొలత 150.6, 75.5 వచ్చింది. 13 ప్రో 146.7 బై 71.5 ఉండాలి. 13 ప్రో మ్యాక్స్ అయితే 160.8 బై 78.1. ఇది రెండింటికీ చెందదు. మూడు కెమెరాల ఐఫోన్లలో ఏదీ ఈ సైజులో లేదు.

రెండుసార్లు మళ్ళీ కొలిచాను. బిళ్ళ పాతదేమో, అరిగిందేమో అనుకున్నాను. అంత అరిగిన బిళ్ళ ఎక్కడైనా ఉంటుందా. తర్వాత పట్టికలో 150.9 బై 75.7 కోసం వెతికితే రెండు దొరికాయి: 11, ఎక్స్‌ఆర్. అప్పుడర్థమైంది. ఎక్స్‌ఆర్ లోపలి సామానంతా తీసి, బయటికి 13 ప్రోలా కనిపించే డబ్బాలో బిగించి అమ్ముతారు. హౌసింగ్ మార్చడం అంటారు దాన్ని. ఎక్స్‌ఆర్‌కి అసలు ఉన్నది ఒక్క కెమెరా. మిగతా రెండు కళ్ళూ ఉత్త గాజు బిళ్ళలు.

ఆ అబ్బాయికి ఫోన్ చేసి ముందు మెల్లగా అడిగాను: "తమ్ముడూ, కొత్తదా సెకండ్ హ్యాండా?" సెకండ్ హ్యాండే. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి మోడల్ పేరు చదవమన్నాను. కాసేపు మాట లేదు. "ఐఫోన్ ఎక్స్‌ఆర్ అని ఉందన్నా" అన్నాడు. ఎంత పెట్టి కొన్నావని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

పౌచ్ మాత్రం ఇవ్వలేకపోయాను. 13 ప్రోది చిన్నదవుతుంది, ఎక్స్‌ఆర్‌ది కెమెరా దగ్గర మూసుకుపోతుంది. వెనకభాగం చూసి మోడల్ చెప్పడంలో ఉన్న పెద్ద బలహీనత ఇదే. వెనకభాగం మార్చేస్తే మనం చూస్తున్నది ఫోన్‌ని కాదు, దాని చొక్కాని. కెమెరా ఒక పేరు, కొలత ఇంకో పేరు చెబితే ఫోన్ మీదే అనుమానం పెట్టుకోవాలని డైరీలో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. డబ్బాతో పాటు అసలు మోడల్ కొలతలు కూడా మార్చి ఉంటే నేను పట్టుకోలేకపోయేవాణ్ణి.

ఇలాంటప్పుడు ఫోటోని వదిలేసి *#06# కొట్టమంటున్నాను. వచ్చిన పదిహేనంకెల ఐఎంఈఐని KYM అని రాసి, ఖాళీ వదిలి, 14422కి మెసేజ్ పంపితే టెలికాం శాఖ వాళ్ళ రికార్డులో ఆ నంబరు ఏ కంపెనీ ఏ మోడల్‌దో తిరిగి మెసేజ్ వస్తుంది. సెకండ్ హ్యాండ్ కొనేముందు చేయాల్సిన పని అది. మనవాళ్ళు కొన్నాక పౌచ్ కోసం వచ్చినప్పుడు చేస్తున్నారు.

రోజు 14

కొత్త శాంసంగ్‌లు మొదలయ్యాయి. మూడు కళ్ళే, కానీ పవర్, వాల్యూమ్ బటన్లున్న చోట అంచు కాస్త ఉబ్బి, చిన్న గట్టులా ఉంటుంది. మిగతా అంచు చదును. ఆ గట్టు కనిపిస్తే ఏ34, ఏ54 కాదు, వాటి తర్వాతివి: ఏ15, ఏ25, ఏ35, ఏ55 లాంటివి. బిళ్ళ లేకపోయినా ఈ ఒక్క గుర్తుతో సగం పని అయిపోతుంది. ఏ34కీ ఏ35కీ కొలతల్లో తేడా అర మిల్లీమీటరు కూడా లేదు కాబట్టి, గట్టే లేకపోతే నేను మునిగేవాణ్ణి.

కానీ ఏ35, ఏ55 మధ్య మళ్ళీ అదే గొడవ. ఏ55: 161.1 బై 77.4. ఏ35: 161.7 బై 78.0. రెండు వైపులా తేడా 0.6. నా బిళ్ళ తప్పే దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి ఇక్కడ కొలత చెప్పేది నమ్మడానికి లేదు. షీట్‌లో ఆ వరుసకి "కొలతతో తేల్చకు" అని రాసి పెట్టాను.

వీటిని విడదీసేది అంచు. ఏ55 చుట్టూ ఉన్న ఫ్రేమ్ అల్యూమినియం, ఏ35ది ప్లాస్టిక్. లోహంలోంచి సిగ్నల్ పోదు కాబట్టి ఏ55 ఫ్రేమ్‌లో అక్కడక్కడా సన్నటి అడ్డ గీతలు, లోహం తెగి ప్లాస్టిక్ నింపిన చోట్లు, ఉంటాయి. ఏ35 ఫ్రేమ్‌కి వాటి అవసరం లేదు. గీత దొరికితే ఏ55. దొరకకపోతే ఏ35 అనడానికి ముందు నాలుగు అంచులూ చూడాలి, వెలుతురు చాలకపోతే గీత కనపడదు మరి.

రోజు 15

సాయంత్రం ఒకమ్మాయి గట్టున్న శాంసంగ్ ఫోటో పంపింది. వాళ్ళ నాన్న పుట్టినరోజు రేపట, ఆయనకి తెలియకుండా పౌచ్ కొనాలి, అందుకని సెట్టింగ్స్ తెరిచే వీలు లేదు. బిళ్ళ పెట్టి బాగానే తీసింది. 161.0, 77.5. చూడగానే ఏ55 అనాలనిపించింది. షీట్‌లో రాసుకున్నది చదువుకుని ఆగిపోయాను. "ఎండ వైపు తిప్పి నాలుగు అంచులూ తీసి పంపమ్మా" అన్నాను.

మూడు అంచులు వచ్చాయి. పైదాంట్లో వేలు అడ్డం ఉంది, మిగతా రెండూ మసక. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు తీసిందట, ఆయన వచ్చేశాడు. రేపు పొద్దున మళ్ళీ తీస్తానంది. ఏ35ది ఒకటి, ఏ55ది ఒకటి పక్కన తీసి పెట్టాను.